ఒకే గిన్నె, ఒకే కలర్: వదినకు ఎక్కింది, టీచరమ్మకు ఎందుకు ఎక్కలేదు? (నల్ల డై వేసిన జుట్టుని బ్రౌన్ చేసుకునే పూర్తి పద్ధతి)

మొన్న శ్రావణంలో మా పార్లర్‌కి వదినా ఆడబిడ్డలు ఇద్దరు కలిసి వచ్చినారు. మాది తిరుపతిలో కొర్లగుంట దగ్గర చిన్న పార్లర్, రెండు కుర్చీలు, ఒక వాష్ బేసిన్, అంతే. ఆడబిడ్డ స్కూల్ టీచర్, నలభై దాటినాయి. తలకి కట్టుకున్న చున్నీ తీసేసరికి నాకు విషయం అర్థమైపోయింది. మాడు దగ్గర ఒక వేలెడు మేర రాగి చెంబు తోమినట్టు మెరుస్తా ఉంది, తెల్లవెంట్రుకలు ఉన్న చోట అయితే ఏకంగా పసుపు, దాని కింద నుంచి వీపు సగం దాకా పోయే జుట్టంతా కాకి నలుపు. గీత గీసినట్టు రెండు ముక్కలు.

"అమ్మణ్ణీ, ఒకే పెట్టె, ఒకే గిన్నెలో కలిపినాం, ఒకే బ్రష్షు. మా వదినకి చూడు ఎంత బాగా ఎక్కిందో, నాకేమో రెండు ఆదివారాలు వరసగా వేసినా ఇట్లా అయింది. కంపెనీ మోసమా, నా జుట్టు మోసమా?" అని అడిగింది.

వదిన జుట్టు మెడ దాకా ఉంది. లోపల చూస్తే ముదురు గోధుమ రంగు, ఎండలోకి తీసుకుపోతే చక్కటి బ్రౌన్. నేను అడిగిన మొదటి ప్రశ్న ఆమెనే: "అక్కా, మీరు గుండు ఎప్పుడిచ్చినారు?" ఆమె ఆశ్చర్యపోయి "పద్నాలుగు నెలలైంది, కొండ మీద కల్యాణకట్టలో. నీకెట్లా తెలుసు?" అంది. జ్యోతిష్యం ఏమీ లేదు, తిరుపతిలో మెడ దాకా సమానంగా పెరిగిన జుట్టు కనిపిస్తే సగం మంది కథ అదే.

మొత్తం సంగతి ఆ గుండులోనే ఉంది. వదిన తల మీదున్నది గుండు తర్వాత మొలిచిన కొత్త జుట్టు, దానికి ఆ రోజు దాకా ఏ డై తగల్లేదు. టీచరమ్మది మూడేళ్లుగా నెలనెలా నల్ల డై తాగిన జుట్టు. డై సొంత జుట్టుని రొంత తెల్లబరచగలదు, కానీ అంతకుముందు వేసిన డైని తెల్లబరచలేదు. పార్లర్ వాళ్ళం దీన్నే "కలర్ కలర్‌ని లేపదు" అంటాం.

ముందు ఇది ఎందుకో అర్థం చేసుకోండి, లేకపోతే మూడో పెట్టె కూడా కొనేస్తారు

శానామంది హెయిర్ కలర్ అంటే గోడకి పెయింట్ లాంటిది అనుకుంటారు, నల్లగోడ మీద తెల్లపెయింట్ రెండు కోట్లు కొడితే తెల్లగా అయిపోద్ది కదా అని. జుట్టు రంగు అట్లా కప్పదు. అది డికాషన్ లాంటిది, అద్దంలా అవతలిది కనిపిస్తానే ఉంటుంది. చిక్కటి కాఫీ డికాషన్‌లో పల్చటి టీ పోస్తే డికాషన్ లేతగా మారుతుందా? ఇంకొంచెం ముదురే అవుతుంది. మన శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళని అడిగినా ఇదే చెప్తారు, ఇనుము బెల్లం ఊరబెట్టిన నల్లతో ఒకసారి గీత పడితే దానిమీద పసుపు పూసి ఆ గీతని పసుపు చేయడం కుదరదు.

మరి వదినకి ఎట్లా లేతైంది? పెట్టెలో రెండు సీసాలు ఉంటాయి కదా, ఒకటి కలర్ క్రీము, ఇంకోటి డెవలపర్. క్రీములో అమ్మోనియానో దాని బదులు ఇంకో క్షారమో ఉంటుంది, అది వెంట్రుక పైనుండే పొలుసుల్ని ఉబ్బించి సందు ఇస్తుంది. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంటి పెట్టెల్లో మామూలుగా 6 శాతం, దాన్నే 20 వాల్యూం అంటాం. ఆ పెరాక్సైడ్ లోపలికి పోయి రెండు పనులు ఒకేసారి చేస్తుంది. పుట్టుకతో వచ్చిన మెలనిన్ అనే నల్లరంగుని కొంత కరగదీస్తుంది. అదే సమయంలో క్రీములోంచి లోపలికి దూరిన చిన్న చిన్న రంగు కణాల్ని ఒకదానికొకటి అతికించి పెద్దవి చేస్తుంది. పెద్దవైపోయాక అవి వచ్చిన సందులోంచి బయటికి రాలేవు, లోపలే ఇరుక్కుంటాయి. పర్మనెంట్ కలర్ అనేది ఇందుకే.

ఇప్పుడు టీచరమ్మ జుట్టులోకి అదే పెరాక్సైడ్ పోయిందనుకోండి. అక్కడ మెలనిన్‌తో పాటు మూడేళ్ల నుంచి పేరుకున్న నల్ల డై గడ్డలు ఉన్నాయి. ఆ డై పెరాక్సైడ్‌తోనే పుట్టింది, మళ్ళీ అదే పెరాక్సైడ్ పోస్తే దానికి ఏమీ కాదు. మహా అయితే కాస్త మసకబారుద్ది. పైగా కొత్తగా కలిపిన బ్రౌన్ కలర్ కూడా పోయి ఆ నలుపులోనే చేరుద్ది. అందుకే రెండోసారి వేసేసరికి ఆమె చివర్లు ఇంకా నల్లగా, చీపురుపుల్లలా తయారైనాయి.

మాడు దగ్గర మాత్రం చివరి నల్ల డై తర్వాత వచ్చిన రెండున్నర నెలల కొత్త మొలక ఉంది, మూడు సెంటీమీటర్లు. అది వదిన జుట్టులాంటిదే, డై లేనిది, పైగా మాడు వేడి తగిలి కలర్ ఇంకా జోరుగా పనిచేస్తుంది. అందుకే వేర్లు రాగిరంగు, కింద నలుపు. మేము దీన్ని హాట్ రూట్స్ అంటాం. మీ అద్దంలో ఇది కనిపిస్తే ఇంకో షేడ్, ఇంకో కంపెనీ అని పోవద్దు, 40 వాల్యూం డెవలపర్ తెచ్చి కలిపితే పోద్దేమో అని అసలు పోవద్దు. నేను కొత్తల్లో ఆ పని ఒకసారి చేసినాను లెండి, మా అక్క తల మీదనే. వేర్లు నారింజ తొక్క రంగుకొచ్చినాయి, నలుపు అంగుళం కూడా కదల్లేదు, మాడు మంటకి ఆమె రెండ్రోజులు కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది.

మొదటి పని: మీ జుట్టు వయసు లెక్కేయండి

జుట్టు నెలకి సుమారు 1.2 సెంటీమీటర్లు పెరుగుతుంది. టేపు పెట్టి మాడు నుంచి చివరి దాకా కొలవండి. టీచరమ్మకి జడ విప్పి కొలిస్తే 40 సెంటీమీటర్లు వచ్చింది. 40ని 1.2తో భాగిస్తే 33 నెలలు. అంటే చివరి కొస మొలిచి మూడేళ్లకి దగ్గర. ఆమె నెలనెలా వేర్లకి మాత్రమే వేసుకోకుండా తలంతా పట్టించేది, కాబట్టి చివర్లలో దాదాపు ముప్పై కోట్లు ఉంటాయి, మధ్యలో పదిహేను, మాడుకి దగ్గర్లో ఒకటో రెండో. ఒకే జడలో మూడు రకాల జుట్టు ఉన్నట్టు లెక్క, మూడూ ఒకేలా వదలవు. ఈ లెక్క తర్వాత పనికొస్తుంది.

ఇంకోటి, ఏమేం వేసినారో నిజం రాసుకోండి. మా దగ్గరికొచ్చే వాళ్ళు మూడోసారి అడిగితే గాని చెప్పరు. టీచరమ్మ కూడా ముందు "క్రీమ్ డై ఒక్కటే" అని, తర్వాత "లాక్‌డౌన్‌లో ఎవరో ఇస్తే బ్లాక్ హెన్నా పెట్టినాను" అని మెల్లగా అనింది. లెక్క వేస్తే ఆ జుట్టు ఎప్పుడో కత్తెరకి పోయింది, సమస్య లేదు. కానీ అది ఇంకా జుట్టులోనే ఉండుంటే నేను చేసే పద్ధతే మారిపోయేది. బ్లాక్ హెన్నా పేరుతో దొరికే పొడుల్లో కొన్నిట్లో నీలిమందు ఆకు, కొన్నిట్లో మామూలు డైలో ఉండే పీపీడీయే, కొన్నిట్లో లోహపు లవణాలు కూడా ఉంటాయి. నీలిమందు ఉన్న జుట్టుకి బ్లీచ్ పెడితే ఆకుపచ్చగా మారే అవకాశం ఉంది. లోహం ఉంటే పెరాక్సైడ్ తగలగానే వేడెక్కి వెంట్రుక తెగిపోద్ది.

స్ట్రెయిటనింగ్, రీబాండింగ్ చేయించుకుని ఉంటే అది కూడా చెప్పండి. ఆ జుట్టు మీద బ్లీచ్ నేనైతే పెట్టను.

రెండో పని: నాలుగు పోగులు కత్తిరించి పరీక్ష

దీన్ని తప్పించుకోవద్దు. చెవి వెనకాల, పైకి కనిపించని చోట అగ్గిపుల్ల మందం పాయ కత్తిరించి చివర దారంతో కట్టండి. గాజు గిన్నెలో 30 మిల్లీలీటర్ల 20 వాల్యూం పెరాక్సైడ్, అందులో 20 చుక్కలు ఘాటు అమ్మోనియా వేసి ఆ పాయని అరగంట ముంచి ఉంచాలి. స్టీలు గిన్నె వద్దు. అమ్మోనియా ఇంట్లో దొరకదు, ఆ ఘాటుకి కళ్ళు మండతాయి, కాబట్టి ఈ ఒక్క పరీక్షా పార్లర్‌లో చేయించుకోండి.

అరగంటలో గిన్నె వేడెక్కితే, బుసబుస పొంగితే, ముక్కు మూసుకునే వాసనొస్తే, పాయ జారిపోయి తెగితే అందులో లోహం ఉన్నట్టు. అక్కడితో ఆగిపోవాలి, ఆ జుట్టు పెరిగి కత్తిరించేదాకా బ్లీచూ వద్దు డై కూడా వద్దు. ఏమీ కాకుండా రొంత రంగు మారి ఊరుకుంటే ముందుకి పోవచ్చు. టీచరమ్మ పాయ ఊరికే ఉండింది, కొద్దిగా ఎరుపు మెరిసింది.

అదే రోజు చెవి వెనక చర్మం మీద చివర్లో వేయబోయే కలర్ చుక్క పెట్టి 48 గంటలు చూడాలి. ఆమెకి మూడేళ్లుగా డై అలవాటే కదా అనొద్దు, పీపీడీ అలర్జీ ఏళ్ల తరబడి వాడినాక కూడా ఒక రోజు ఉన్నట్టుండి వస్తుంది. దురద, ఎరుపు, వాపు ఏది కనిపించినా ఇంక కలర్ మాటే వద్దు.

మూడో పని: నల్ల డైని బయటికి లాగడం

ఇక్కడ వాడాల్సింది కలర్ రిమూవర్, బ్లీచ్ ఇంకా కాదు. ఇది పెరాక్సైడ్‌కి తిరగబడి పనిచేస్తుంది. అతుక్కుని పెద్దవైన డై కణాల్ని విడగొట్టి మళ్ళీ చిన్నవి చేస్తుంది. చిన్నవైతే కడిగితే వచ్చేస్తాయి. సొంత మెలనిన్ జోలికి పోదు. నీలిమందు మీద, లోహపు డై మీద ఇది పనిచేయదు, పెరాక్సైడ్‌తో ఎక్కిన డైకే.

పెట్టెలో మామూలుగా రెండు సీసాలు వస్తాయి, పక్కపక్కన పోసి కలిపిన వెంటనే వాడేయాలి, ఉంచితే బలం పోద్ది. జుట్టు నూనె లేకుండా, ఆరి ఉండాలి. నేను చివర్ల నుంచి మొదలు పెట్టినాను, ఎందుకంటే ముప్పై కోట్లు అక్కడే ఉన్నాయి కాబట్టి దానికే ఎక్కువ టైం కావాలి, తర్వాత మధ్య. రాగి వేర్లకి తగలనివ్వలేదు. ప్లాస్టిక్ కవర్ చుట్టి పెట్టె మీద రాసిన టైం, నాకు వచ్చినదాంట్లో 20 నిమిషాలు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, ముందే చెప్పి కూర్చోబెట్టండి, లేకపోతే కస్టమర్ లేచి పోతారు.

అసలు కష్టం తర్వాత. కడగడం. అందరూ పాడు చేసుకునేది ఇక్కడే. డై చిన్న ముక్కలైంది గానీ ఇంకా వెంట్రుక లోపలే ఉంది. రెండు చెంబులు పోసి తువ్వాలు చుట్టేస్తే అప్పటికి బ్రౌన్‌గా కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో గాలికే ఆ ముక్కలు మళ్ళీ అతుక్కుని పాత నలుపు తిరిగొస్తుంది. "పదిహేను వందలు బూడిదలో పోసినాను" అని వచ్చేవాళ్ళంతా సరిగా కడగని వాళ్ళే. గోరువెచ్చని నీళ్ళు ధారగా, గడియారం చూసుకుని పది నిమిషాలు. తర్వాత షాంపూ, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ షాంపూ. టీచరమ్మకి ఆ రోజు బేసిన్‌లో మెడ పట్టేసింది పాపం.

కడిగింది చాలో లేదో తెలుసుకునే కిటుకు ఒకటి ఉంది. చివర్లో ఒక సన్నపాయ తీసి దాని మీద 20 వాల్యూం డెవలపర్ చుక్క రాసి ఐదు నిమిషాలు చూడండి. ఆ చోటు మళ్ళీ నల్లబడుతుందా, లోపల డై ముక్కలు ఇంకా ఉన్నట్టే. పోయి ఇంకో పది నిమిషాలు కడగాలి. మాకు మొదటిసారి నల్లబడింది, రెండో విడత కడిగినాక ఆగింది.

ఆరబెట్టి కిటికీ దగ్గర చూసినాం. ట్యూబ్‌లైట్ కింద చూస్తే మోసం, పగటి వెలుతురే కావాలి. షేడ్ కార్డులో 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత పసుపు. మాడుకి దగ్గర జుట్టు, మధ్య జుట్టు 5కి వచ్చినాయి, చివరి 12 సెంటీమీటర్లు మాత్రం 2 దగ్గర మొండికేసినాయి. లెక్కలో అనుకున్నట్టే. లేతైన చోట ఇటుక ఎరుపు కనిపిస్తే ఆమె భయపడిపోయింది. "డై పోయింది కదా, నా పాత జుట్టు ఎందుకు రాలే?" అని. డై వేసిన ప్రతిసారీ ఆ పెరాక్సైడ్ కింద ఉన్న మెలనిన్‌ని కాస్త కాస్త తినేసింది. పైన నలుపు ఉన్నంతకాలం కనపడలేదు, నలుపు తీసేసరికి బయటపడింది. రిమూవర్ డైని తీస్తుంది గానీ పోయిన మెలనిన్‌ని తిరిగి ఇవ్వలేదు.

ఆ రోజుకి అక్కడితో ఆపి కండిషనర్ పెట్టి పంపించేసినాను. నాలుగు రోజుల తర్వాత చివర్లకి మాత్రం ఇంకోసారి రిమూవర్, మళ్ళీ అదే కడుగుడు. చివర్లు 3కి వచ్చినాయి, ఇంక కదల్లేదు.

నాలుగో పని: మొండి చివర్లకి పలచని బ్లీచ్

అవసరం లేకపోతే ఈ మెట్టు దాటేయండి. ముదురు బ్రౌన్ చాలు అనుకునేవాళ్ళకి 3 మీదే పని అయిపోద్ది. టీచరమ్మకి అన్న కూతురి పెళ్ళికి 5 నంబరు బ్రౌన్ కావాలి, కాబట్టి చివర్లు లేపాల్సిందే.

బ్లీచ్ పౌడర్‌లో పర్‌సల్ఫేట్ అనే ఉప్పులుంటాయి, పెరాక్సైడ్‌తో కలిస్తే డైని కూడా విరగ్గొట్టేంత బలం వస్తుంది. అదే బలం వెంట్రుకని కూడా తింటుంది. అందుకే నేను ఒక కొలత బ్లీచ్ పౌడర్, రెండు కొలతలు 20 వాల్యూం, ఒక కొలత షాంపూ కలిపి పలచగా చేసినాను. తడిపి పిండిన చివర్లకి మాత్రమే, ఆ 12 సెంటీమీటర్లకే, చేత్తో పిసికినట్టు పట్టించి కళ్ళ ముందే పెట్టుకోవాలి. కవర్ చుట్టొద్దు, డ్రయ్యర్ వేడి వద్దు. ప్రతి ఐదు నిమిషాలకీ తడిగుడ్డతో ఒక పాయ తుడిచి రంగు చూడాలి. ఆమెకి పదమూడు నిమిషాల్లో ఎర్రటి నారింజ వచ్చింది, అది 5 నంబరు మెట్టు, వెంటనే కడిగేసినాను. ఇంకొంచెం ఉంచితే ఇంకా బాగొస్తుందేమో అని ఆశ పుట్టే నిమిషం అదే, అక్కడే ఆపాలి.

ఒక మాట గట్టిగా చెప్తా ఉన్నా: ముఖానికి వేసుకునే బ్లీచ్ క్రీము, బాత్రూం కడిగే బ్లీచింగ్ పౌడర్ తలకి పెట్టొద్దు. నవ్వకండి, రెండూ చేసుకొచ్చిన వాళ్ళని చూసినాను.

ఆపాలో లేదో వెంట్రుకే చెప్తుంది. తడి వెంట్రుక ఒకటి రెండు వేళ్ళతో మెల్లగా లాగండి. కాస్త సాగి వదలగానే వెనక్కి వస్తే బాగుంది. ఉడికిన సేమ్యాలా సాగి అట్లాగే ఉండిపోతే, పుటుక్కున తెగితే, ఆ జుట్టుకి ఇంక ఏ మందూ పెట్టొద్దు, కత్తెరే.

ఐదో పని: ఇప్పుడు కలర్

బ్లీచ్ తర్వాత వారం గ్యాప్ ఇచ్చినాను. వెంటనే వేస్తే, మిగిలిన డై ముక్కలు ఏమైనా ఉంటే కొత్త డెవలపర్ తగిలి నల్లబడే ప్రమాదం ఉంది, పైగా ఒకే వారంలో జుట్టుకి అన్ని దెబ్బలు వద్దు.

షేడ్ ఎంచుకోవడంలో తిరకాసు ఉంది. 5 కావాలని 5 తెస్తే 4 వస్తుంది. ఇంత పని జరిగిన జుట్టు స్పాంజిలా పీలుస్తుంది, అనుకున్నదానికంటే ముదురు అవుతుంది. అందుకని పొడవుకి 6 నంబరు తీసుకున్నాను. సగం 6.0, సగం 6.1. ఆ చుక్క తర్వాత 1 అంటే యాష్, అందులో నీలం ఛాయ ఉంటుంది, కింద ఉన్న నారింజని అది చంపుతుంది. మొత్తం 6.1 వేస్తే చివర్లు బురదరంగు అవుతాయి. ఇక్కడ గోల్డెన్ షేడ్ అంటే 6.3 వేస్తే నారింజ మీద ఇంకా బంగారం, అంటే మొదటికే వస్తాం.

డెవలపర్ 10 వాల్యూం, అంటే 3 శాతం. లేపాల్సిన పని అయిపోయింది, ఇప్పుడు రంగు నింపడమే, కాబట్టి బలమైన డెవలపర్ అక్కర్లేదు. వేర్ల దగ్గర లెక్క వేరు. అక్కడ తెల్లవెంట్రుకలు కప్పాలి, పసుపు రాగిని అణచాలి, అందుకు 5.0 షేడ్, 20 వాల్యూం. ట్యూబుకి డెవలపర్ ఎంతో పెట్టె మీద ఉంటుంది, నాది ఒకటికి ఒకటిన్నర, 50 గ్రాముల ట్యూబుకి 75 మిల్లీలీటర్లు.

ముందు వేర్లకి 5.0 పెట్టి ఇరవై నిమిషాలు ఆగినాను, తర్వాత పొడవుకి 6 మిశ్రమం, ప్రతి ఐదు నిమిషాలకీ తుడిచి చూస్తా. చివర్లు పన్నెండు నిమిషాల్లో పట్టేసినాయి. మొత్తం వేర్లకి ముప్పై ఐదు నిమిషాలు పడింది. కడిగి ఆరబెట్టినాక పైనా కిందా ఉన్న గీత పోయింది. పైన 5, చివర్లు ఒక పిసరు ముదురు, కావాలనే అట్లా వదిలినట్టు కనిపిస్తుంది, ఎవరైనా అడిగితే అట్లాగే చెప్పుకోమన్నాను.

ఇదంతా ఎవరికి వద్దు

నలుపు నుంచి ఒక్క సిట్టింగ్‌లో 8, 9 నంబరు లేత రంగు కావాలి అంటే నేను చేయను. 5, 6 దాకా జుట్టు తట్టుకుంటుంది, అంతకు మించి నెలల వ్యవధిలో మెట్లు మెట్లుగా పోవాలి. రీబాండింగ్ జుట్టు, లోహం తేలిన జుట్టు, మాడు మీద పుండ్లు ఉన్నవాళ్ళు, వీళ్ళకి అసలు వద్దు.

తొందర లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది, ఖర్చూ తక్కువే. నల్ల డై ఆ రోజు నుంచే ఆపేయండి, తెల్లవెంట్రుకలకి వేర్ల మీద మాత్రమే 4 నంబరు ముదురు బ్రౌన్ వేసుకోండి, పాత నలుపు మీదికి పోనివ్వద్దు. ఏడాదికి 14 సెంటీమీటర్ల కొత్త జుట్టు వస్తుంది, కింద నలుపు మెల్లగా కత్తిరించుకుంటా పోవచ్చు. 4 ముదురు రంగే కాబట్టి తేడా మరీ గీతలా కనపడదు. ఇది విని వదిన పక్కనుంచి "అంతకంటే కొండెక్కి గుండిచ్చి రావడమే సులువు కదా, పుణ్యం కూడా" అని నవ్వింది, టీచరమ్మ పెళ్ళి ఫోటోలు గుర్తొచ్చి ఒప్పుకోలేదు.

ఇక ఇంటికి పోయాక జాగ్రత్త ఒకటే. నాలుగైదు వారాలకి వేర్లకి మాత్రమే టచప్, కలర్ పొడవుకి రాయొద్దు. ఒక్కసారి నల్లడై పొడవుకి తగిలితే మళ్ళీ ఈ పదిహేను రోజుల పని మొదటి నుంచి.

లేచి పోతా పోతా టీచరమ్మ, ఇంట్లో ఇంకా ఆరు నల్ల డై పెట్టెలు ఉన్నాయి, ఆఫర్‌లో కొన్నాను, ఏం చేయమంటావు అని అడిగింది. మీ ఆయన మీసాలకి దాచిపెట్టండి అన్నాను. ఆయనకి అలర్జీ పరీక్ష చేసినాకే లెండి.